రిటైరయ్యే సారుకి ఫోటోల వీడియో: పాట బీట్‌కి కట్ చేయడానికి ఏ దారి మేలు?

పదవీ విరమణ సభకి వారం ఉందనగా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు మొదలుపెడతారు: "సారు ఫోటోలన్నీ కలిపి ఒక వీడియో చేద్దాం, వెనక మంచి పాట పెడదాం." వెంటనే వచ్చే ప్రశ్న, ఏ యాప్‌లో చేయాలని. గ్రూపులో ఐదుగురు ఐదు పేర్లు చెప్తారు. ఒకరు ఫోన్‌లో టెంప్లేట్ చాలంటారు, ఒకరు ఊళ్లో స్టూడియోకి ఇచ్చేద్దామంటారు, స్కూల్లో కంప్యూటర్ చూసుకునే ఆయన పవర్‌పాయింట్‌లో అయిపోతుందంటాడు.

వీటిలో ఏదీ తప్పు కాదు. కానీ ఏది సరిపోతుందో తేల్చేది యాప్ కాదు, మీరు ఎంచుకున్న పాట. పాట నడక ఎలాంటిదో తెలిస్తే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. అందుకే ముందు పాటను కొలుద్దాం, దారుల సంగతి తర్వాత చూద్దాం.

పాటను కొలవడం

పాట పెట్టుకుని కాలితో తాళం వేయండి. 60 బీట్లు ఎన్ని సెకన్లలో పూర్తయ్యాయో ఫోన్ స్టాప్‌వాచ్‌లో చూడండి. 3600ని ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో వస్తుంది. 60 బీట్లకి 40 సెకన్లు పడితే నిమిషానికి 90. అంటే ఒక్కో బీట్‌కి 0.667 సెకను, నాలుగు బీట్లు కలిసిన ఒక బార్‌కి 2.667 సెకన్లు. ఈ చివరి అంకెను కాగితం మీద రాసి పెట్టుకోండి, వీడియో అంతా దీని మీదే నడుస్తుంది.

ఇదే లెక్క పాట మొదట్లో ఒకసారి, చివరి చరణంలో ఒకసారి వేయండి. రెండు చోట్లా ఒకే జవాబు వస్తే ఆ పాట కంప్యూటర్ తాళం మీద రికార్డయిందని అర్థం. ఈ కాలం పాటలు చాలావరకు ఇలాగే ఉంటాయి. తేడా వస్తే, వాద్యబృందం అంతా ఒకచోట కూర్చుని వాయించిన పాత పాట అయి ఉంటుంది. అలాంటి పాట చరణంలో కాస్త ముందుకు పరుగెత్తి, పల్లవికి మళ్లీ నెమ్మదిస్తుంది. వినడానికి హాయిగా ఉండేది అందుకే. ఎడిటింగ్‌కి మాత్రం చిక్కు, ఎందుకంటే అన్ని ఫోటోలకీ ఒకే సమయం ఇస్తే అది ఎక్కడో ఒకచోట తప్పుతుంది. గురువు మీద పాటలని వెతికితే ఎక్కువగా దొరికేవి పాతవే కాబట్టి ఈ పరీక్ష మానకండి.

ఇంకొకటి తాళం గతి. పాట మీద "తకధిమి తకధిమి" అనుకుని చూడండి. కుదిరితే చతురశ్రం, నాలుగు లెక్కన కట్ చేయవచ్చు. "తకిట తకిట" కుదిరితే తిశ్రం, అప్పుడు మూడు లేదా ఆరు లెక్కన కట్ చేయాలి. మన మెలోడీల్లో తిశ్రం పాటలు చాలా ఉన్నాయి. వాటిని నాలుగు లెక్కన కోస్తే మొదటి ఫోటో దరువు మీద పడుతుంది, రెండోది పక్కకి పోతుంది. నాలుగోసారి గానీ మళ్లీ దరువు మీదికి రాదు. చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా వీడియోలో ఏదో తడబాటు ఉందనిపిస్తుంది. ఫోన్ యాప్‌లలో ఆటోమేటిక్‌గా బీట్ పట్టే ఏర్పాటు తిశ్రం దగ్గరే ఎక్కువగా తప్పుతుంది. తబలా మెత్తగా, వేణువు ముందుకొచ్చే పాటల్లోనూ దాన్ని నమ్మడం కష్టం. డప్పు, డోలు గట్టిగా పడే పాటల్లో బాగానే పనిచేస్తుంది.

పాట ఎంపికలో ఒక మాట. పల్లవి విని మురిసిపోయి ఖాయం చేయకండి, రెండో చరణం దాకా సాహిత్యం చదవండి. గురువు పాటే అయినా చివర్లో కన్నుమూయడం గురించో, శాశ్వతమైన ఎడబాటు గురించో ఉంటే, ఎదురుగా సారు శాలువా కప్పుకుని కూర్చుని ఉండగా సభ ఇబ్బంది పడుతుంది. ఇది పదవీ విరమణ సభ, సంస్మరణ సభ కాదు. ఆ చరణం తీసేసి ఇంటర్‌లూడ్ నుంచి చివరి పల్లవికి అతికించవచ్చు. అతుకు మాత్రం బార్ మొదటి బీట్ మీదే పడాలి.

ఏ ఫోటోకి ఎన్ని బీట్లు

బీట్‌కి కట్ చేయడమంటే ప్రతి బీట్‌కీ ఫోటో మార్చడం అనుకుంటే వీడియో పాడవుతుంది. నిమిషానికి 90 బీట్ల నడకలో బీట్‌కో ఫోటో అంటే ఒక్కోటి సెకనులో మూడింట రెండు వంతులే నిలబడుతుంది. పదో తరగతి బ్యాచ్ గ్రూపు ఫోటోలో 40 మంది ఉంటారు. హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ ముందు సారుని, తర్వాత తమను, ఆ తర్వాత పక్కన నిలబడ్డ స్నేహితుణ్ని వెతుక్కుంటారు. దానికి కనీసం 5 సెకన్లు కావాలి. సారు ఒక్కరే ఉన్న ఫోటోకి రెండున్నర సెకన్లు చాలు. సైన్సు ఫెయిర్, ఆటల పోటీలు, విహారయాత్ర లాంటి ఒకే సందర్భం ఫోటోలు పది ఉంటే వాటిని ఒకటిన్నర సెకనుకి ఒకటి చొప్పున పరుగెత్తించవచ్చు, అక్కడ చూడాల్సింది ముఖాలు కాదు, హడావిడి.

90 నడకలో ఈ మూడూ చక్కగా అమరుతాయి: రెండు బార్లు 5.33 సెకన్లు, ఒక బార్ 2.67, అర బార్ 1.33. మన సినిమా పాట నిర్మాణం కూడా దీనికి అనువుగానే ఉంటుంది. గొంతు పాడుతున్నప్పుడు జనం మాటలు వింటారు, అక్కడ ఫోటోలు నెమ్మదిగా మారాలి. ఇంటర్‌లూడ్‌లో వాద్యాలే ఉంటాయి, పరుగు అక్కడ పెట్టాలి.

గుత్తి దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కల సారు రిటైరవుతున్నారనుకుందాం. పాట నడక 90, చతురశ్రం, రెండో చరణం తీసేశాక 84 బార్లు మిగిలింది, అంటే 3 నిమిషాల 44 సెకన్లు. పంపకం ఇలా వేసుకోవచ్చు. పాట ముందు వచ్చే సంగీతం 8 బార్లు: రెండు బార్లు పేరు కార్డు, తర్వాత సారు చదువుకున్న రోజుల ఫోటోలు మూడు, ఒక్కోటి రెండు బార్లు. పల్లవి 16 బార్లు: మొదటి పోస్టింగ్ రోజులవి, సారు ఒక్కరే ఉన్నవి 12, గ్రూపులు 2. ఇంటర్‌లూడ్ 16 బార్లు: మొదటి 8 బార్లలో అర బార్‌కి ఒకటి చొప్పున 16 ఫోటోలు, మిగతా 8 బార్లలో బార్‌కి ఒకటి చొప్పున 8. చరణం 24 బార్లు: 12 బ్యాచ్ గ్రూపు ఫోటోలు, ఏ బ్యాచ్‌దో కింద చిన్నగా రాసి. తిరిగి వచ్చే పల్లవి 16 బార్లు: తోటి ఉపాధ్యాయులు, కుటుంబం, 16 ఫోటోలు. చివరి 4 బార్లు ఒకే ఫోటో. లెక్కేస్తే 70 ఫోటోలు.

గ్రూపులో 200 వచ్చి ఉంటాయి. అన్నీ పెట్టాలంటే ఒక్కోదానికి 1.12 సెకను దక్కుతుంది, ఎవరినీ ఎవరూ గుర్తుపట్టలేరు. "మా బ్యాచ్ ఫోటో వేయలేదు" అనే అలక రాకుండా బ్యాచ్‌కి ఒకటి ఖాయం చేసి, మిగతావి సభ ముందు జనం వచ్చి కూర్చునే అరగంటలో పాట లేకుండా తిప్పడం మంచి పద్ధతి.

దారుల్ని దేంతో తూచాలి

నాలుగు విషయాలు చూడండి. మొదటిది, పాట వింటూ బీట్ దగ్గర మన చేత్తో గుర్తు పెట్టుకోనిస్తుందా. రెండోది, ఫోటో నిడివిని ఎంత సన్నగా సర్దనిస్తుంది. మూడోది, ముందురోజు రాత్రి పదకొండుకి ఎవరో "ఇది తప్పకుండా వేయాలి" అని పంపే ఫోటోని మిగతావి చెదరకుండా పెట్టనిస్తుందా. ఇది తప్పకుండా జరిగే పని, లెక్కలో వేసుకోండి. నాలుగోది, తెలుగు అక్షరాలు ఒత్తులు విడిపోకుండా వస్తాయా.

రెండో విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఎక్కువ వీడియోలు పాడయ్యేది అక్కడే. చాలా ఫోన్ యాప్‌లలో నిడివి 0.1 సెకను మెట్లలోనే మారుతుంది. మనకి కావాల్సింది 2.667, అది ఇచ్చేది 2.7. ఒక్కో ఫోటోకి 0.033 సెకను ఆలస్యం. మొదటి నాలుగైదు ఫోటోలు బాగానే ఉంటాయి. పదో ఫోటో దగ్గరికి సరిగ్గా అర బీట్ తేడా వచ్చి, కట్లు రెండు దెబ్బల మధ్య ఖాళీలో పడతాయి. ఇరవయ్యో ఫోటోకి తేడా పూర్తి బీట్ అవుతుంది కాబట్టి మళ్లీ కుదిరినట్టే అనిపిస్తుంది, కానీ అది వేరే బీట్. "మొదట్లో బాగుంది, మధ్యలో ఏదో అయింది, మళ్లీ సర్దుకుంది" అని ఎవరైనా అంటే రోగం ఇదే. మందు కూడా ఒక్కటే: నిడివిని అంకెగా ఇవ్వడం మానేసి, ఫోటో అంచుని బీట్ గుర్తు దాకా లాగి అతికించడం. అప్పుడు ప్రతి ఫోటో కొత్తగా కొలత తీసుకుంటుంది, పాత తప్పు ముందుకి పోదు.

ట్రాన్సిషన్లతోనూ ఇదే గొడవ. ఒక ఫోటో కరిగి ఇంకొకటి వచ్చే ఎఫెక్టు అర సెకను పెడితే, చాలా యాప్‌లు ఆ అర సెకను రెండు ఫోటోలనీ ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తాయి. అంటే వెనకున్నవన్నీ అర సెకను ముందుకి జరుగుతాయి. అంతా సర్దాక "అన్నిటికీ వర్తించు" నొక్కితే గంటల పని ఒక్క నొక్కుతో పోతుంది. బీట్ వీడియోకి మామూలు కట్ చాలు. విభాగం మారే చోట, అంటే పల్లవి నుంచి ఇంటర్‌లూడ్‌కి వెళ్లేటప్పుడు ఒకటి రెండు పెట్టుకోవచ్చు, అదీ గుర్తుల దగ్గరికి లాగే ముందే.

దారి 1: ఫోన్‌లో టెంప్లేట్

ఫోటోలు ఎంచితే చాలు, యాప్ తనే పాటకి కోసి ఇచ్చే పద్ధతి. పది నిమిషాల పని. కానీ టెంప్లేట్లు ఎక్కువగా పదిహేను ముప్పై సెకన్ల రీల్ కోసం, నిలువు తెర కోసం తయారైనవి. ఫోటో గ్రూపుదో ఒక్కరిదో దానికి తెలియదు, 40 మంది ఉన్న ఫోటోకి అర సెకను ఇచ్చి, సారు నుదురు దాకా జూమ్ చేసి పోతుంది. వాట్సాప్ స్టేటస్‌కి, సభ ఆహ్వానానికి వాడుకోండి. సభలో వేసే మూడున్నర నిమిషాల వీడియోకి వద్దు.

దారి 2: ఫోన్‌లో చేత్తో

వీఎన్ లాంటి యాప్‌లో పాట మీద బీట్ గుర్తులు పెట్టుకునే వీలుంది. క్యాప్‌కట్ మన దేశంలో అందుబాటులో లేదు కాబట్టి యూట్యూబ్ పాఠాల్లో దానితో చూపించే పద్ధతులు వెతుక్కుని సమయం పోగొట్టుకోవద్దు. కైన్‌మాస్టర్ కూడా ఈ పని చేస్తుంది కానీ ఉచితంగా వాడితే మూల దాని ముద్ర పడుతుంది.

పని వరుస ముఖ్యం. ముందు పాటను కావాల్సినంతకు కత్తిరించండి, ఆ తర్వాతే గుర్తులు పెట్టండి, లేకపోతే గుర్తులు జరిగే ప్రమాదం ఉంది. ఆటో బీట్ పెట్టమంటే ప్రతి చిన్న దెబ్బకీ గుర్తు వేస్తుంది, అవి తుడిచేసి బార్ మొదటి బీట్‌కి మాత్రమే చేత్తో వేయండి. 84 బార్లకి 84 గుర్తులు. ఇది చేసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడొద్దు. వాటిలో శబ్దం సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఆలస్యంగా వినిపిస్తుంది, మీ గుర్తులన్నీ అంత ఆలస్యంగా పడతాయి. వైరున్న ఇయర్‌ఫోన్ గానీ ఫోన్ స్పీకర్ గానీ పెట్టుకోండి.

తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక్కో ఫోటోని గుర్తు దాకా లాగుతూ పోవాలి. ఫోన్ టైమ్‌లైన్‌లో ఫోటోలు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, మధ్యలో ఒకటి పొడవు మారితే వెనకవన్నీ జరుగుతాయి. అందుకే మధ్యలో కొత్త ఫోటో దూర్చకండి. రాత్రి పదకొండుకి వచ్చిన ఫోటో కోసం ఉన్నవాటిలో ఒకదాన్ని ఎంచి, రీప్లేస్ నొక్కి మార్చండి, నిడివి అలాగే ఉంటుంది. ఏది పోయినా పరవాలేదో అలాంటి నాలుగు ఫోటోలు ముందే మనసులో పెట్టుకోవడం మేలు.

ఫోన్‌తో ఉన్న అసలు ఇబ్బంది 40 ఫోటోలు దాటాక మొదలవుతుంది. టైమ్‌లైన్ వేలికి అందదు, గుర్తులు దగ్గరదగ్గరగా కనిపించి పక్కదానికి అతుక్కుంటాయి, మామూలు ఫోన్ వేడెక్కి ప్రివ్యూ నత్తనడక పడుతుంది. ప్రివ్యూ తడబడితే కట్ సరిగ్గా ఉందో లేదో చెవికి తెలియదు. అనుమానం ఉంటే ఆ భాగం ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి, ప్రివ్యూ చూసి సర్దితే సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టినవాళ్లవుతారు.

దారి 3: కంప్యూటర్‌లో

గ్రాఫిక్స్ బాగున్న, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ దొరికితే డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్. పాత ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే అది మొరాయిస్తుంది, కేడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ పెట్టుకోండి. సూత్రం అన్నిట్లో ఒకటే, ఇక్కడ రిజాల్వ్ సంగతి చెప్తాను.

అన్నిటికంటే ముందు టైమ్‌లైన్‌ని 1920×1080, సెకనుకి 30 ఫ్రేములుగా పెట్టండి. ఫైళ్లు వేశాక ఫ్రేముల లెక్క మార్చనివ్వదు. 90 నడకకి 30 ఫ్రేములైతే బీట్ సరిగ్గా 20 ఫ్రేములు, బార్ 80. అదే 25 అయితే బార్ 66.67 ఫ్రేములు, ఎటూ కాని అంకె. మీ పాట నడకకి 24, 25, 30లో ఏది పూర్తి అంకె ఇస్తుందో వేసి చూడండి. 96 నడకకి 30లో బార్ 75 వస్తుంది, 24లో 60. 25లో 62.5, ఫోటోకి అర ఫ్రేము చొప్పున 60 ఫోటోలకి ఒక సెకను పైనే తేడా.

ఎంపీ3 కొన్నిసార్లు ఎడిటర్‌లో నెమ్మదిగా పక్కకి జరుగుతుంది. ముందే డబ్ల్యూఏవీగా మార్చుకుంటే ఆ బెడద ఉండదు:

```
ffmpeg -i paata.mp3 -ar 48000 paata.wav
```

పాటను ఆడియో ట్రాక్‌లో వేసి, వింటూ ప్రతి బార్ మొదటి బీట్‌కి `M` నొక్కండి. ఎవరి చేయి అయినా ఒకే వైపు తప్పుతుంది, కొందరిది కాస్త ముందు, కొందరిది కాస్త వెనక. పాట అలల చిత్రాన్ని పెద్దది చేసి, డోలక్ దెబ్బ నిటారుగా లేచిన చోటుతో నాలుగైదు గుర్తుల్ని పోల్చండి. అన్నీ మూడు ఫ్రేములు వెనక ఉన్నాయని తేలితే పాటనే మూడు ఫ్రేములు కుడివైపుకి జరపండి, అన్ని గుర్తులూ ఒకేసారి దెబ్బ మీదికి వస్తాయి. కట్ దెబ్బకి ఒకటి రెండు ఫ్రేములు ముందుగా పడినా కంటికి గట్టిగా, సరిగ్గా అనిపిస్తుంది. వెనక పడితే మాత్రం వెంటనే పట్టేస్తారు.

ఫోటోల ఫైళ్లకి 001, 002 అని వరుస పేర్లు పెడతారు కదా, అక్కడ రిజాల్వ్‌లో ఒక ఉచ్చు ఉంది. వరుస అంకెలు చూడగానే అవన్నీ ఒకే వీడియోలోని ఫ్రేములనుకుని 70 ఫోటోలనీ రెండు సెకన్ల క్లిప్‌గా చూపిస్తుంది. మీడియా పేజీ మెనూలో `Frame Display Mode`ని `Individual` చేస్తే విడివిడిగా వస్తాయి.

కంప్యూటర్ తాళం పాటైతే ఇక్కడ పెద్ద సుఖం ఉంది. ప్రిఫరెన్సుల్లో ఫోటో మామూలు నిడివిని 80 ఫ్రేములకి మార్చి, ఫోటోల్ని వరుసగా ఎంచి ఒక్కసారి దించితే అన్నీ బార్ల మీదే కూర్చుంటాయి. గ్రూపు ఫోటోల్ని రెండింతలు, ఇంటర్‌లూడ్‌లోవాటిని సగం చేస్తే చాలు. పాత పాటైతే `N` నొక్కి అతుక్కునే ఏర్పాటు వేసుకుని, అంచుల్ని గుర్తులకి లాగాలి. ఆలస్యంగా వచ్చిన ఫోటోకి `F11`, ఉన్నదాని స్థానంలో అదే నిడివితో కూర్చుంటుంది.

తెలుగు రాతల్ని ఎడిటర్‌లో టైప్ చేయకండి, కొన్ని వెర్షన్లలో ఒత్తులు విడిపోతాయి. పవర్‌పాయింట్‌లో రాసి పీఎన్‌జీగా దాచి బొమ్మలా పెట్టండి. స్లైడ్ సైజు 20 × 11.25 అంగుళాలు చేసుకుంటే బొమ్మ 1920×1080లో వస్తుంది, మామూలు సైజులో 1280×720 వచ్చి అక్షరాలు మసకబారతాయి.

దారి 4: పవర్‌పాయింట్

బీట్ గుర్తులు ఉండవు, నిడివి అంకెల్లోనే ఇవ్వాలి. ట్రాన్సిషన్ సమయం స్లైడ్ సమయానికి అదనంగా కలుస్తుంది కాబట్టి దాన్ని సున్నా చేయాలి. పాత పాటకి అసలు పనికిరాదు. కొత్త పాటకైనా స్లైడ్ షోగా ఆడిస్తే కంప్యూటర్ వేగాన్ని బట్టి తేడా వస్తుంది, వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేసి వేయాలి. ఫోటోలు నెమ్మదిగా మారుతూ, వెనక మెత్తగా వాద్యసంగీతం ఉండే వీడియోకి మాత్రం ఇంతకంటే సుళువైనది లేదు. బీట్ అక్కర్లేదనుకుంటే ఇదే చాలు.

దారి 5: స్టూడియోకి ఇవ్వడం

కర్నూలు, అనంతపురం, కడపల్లోనే కాదు, ప్రొద్దుటూరు, ఆదోని, తాడిపత్రి లాంటి చోట్ల కూడా పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు ఉన్నాయి. ఎక్కువమంది ఎడియస్ వాడతారు, బీట్‌కి కోయడం వాళ్లకి రోజువారీ పని. చేయి తిరిగినవాళ్లు కాబట్టి కోత విషయంలో దిగులు లేదు. దిగులు వేరేచోట ఉంది. సారు ఏ ఊళ్లో ఎప్పుడు పనిచేశారో, ఏ ఫోటోలో ఎవరున్నారో వాళ్లకి తెలియదు. వరుస చెప్పకపోతే వచ్చినవి వచ్చినట్టు వేసేస్తారు. అలవాటు కొద్దీ పూలరేకులు రాల్చి, హృదయాకారంలో సారునీ హెడ్‌మాస్టర్‌నీ చూపిస్తారు.

ఇచ్చేటప్పుడు వరుస అంకెలు పెట్టిన ఫోటోలు, పై పంపకం రాసిన కాగితం, ఏ ఫోటో రెండు బార్లు ఉండాలో గుర్తు, "మామూలు కట్ మాత్రమే, ఎఫెక్టులు వద్దు" అన్న మాట, ఈ నాలుగూ ఇవ్వండి. పేర్లు, ఊర్లు వాళ్లు అను ఫాంట్లలో మళ్లీ టైప్ చేస్తారు. యూనికోడ్‌లో మీరు పంపింది నేరుగా అతకదు కాబట్టి అక్షరదోషాలు అక్కడ దొర్లుతాయి, ఫైనల్ చేసే ముందు మీరే చదవాలి. తేదీ కూడా చూసుకోండి. ఉపాధ్యాయుల పదవీ విరమణ ఎప్పుడూ నెలాఖరునే. ఆ వారంలో పెళ్లి ముహూర్తాలుంటే స్టూడియోలో మీ పని వెనక్కి పోతుంది, రాత్రి పదకొండు ఫోటో ఆశ వదులుకోవాల్సిందే.

| దారి | చేత్తో బీట్ గుర్తులు | పాత పాటకి | చివరి నిమిషం ఫోటో | తెలుగు రాత | పట్టే సమయం |
|---|---|---|---|---|---|
| టెంప్లేట్ | ఉండవు | కుదరదు | మొత్తం మళ్లీ చేయాలి | యాప్‌ని బట్టి | నిమిషాలు |
| ఫోన్‌లో చేత్తో | ఉన్నాయి | కుదురుతుంది, ఓపిక కావాలి | రీప్లేస్ చేయవచ్చు | చాలావరకు సరిగ్గా | రెండు మూడు సాయంత్రాలు |
| కంప్యూటర్ | ఉన్నాయి | బాగా కుదురుతుంది | సులువు | బొమ్మగా పెట్టాలి | కొత్తవాళ్లకి మూడు నాలుగు సాయంత్రాలు |
| పవర్‌పాయింట్ | ఉండవు | కుదరదు | సులువు, కానీ వెనకవి జరుగుతాయి | సరిగ్గా వస్తుంది | ఒక సాయంత్రం |
| స్టూడియో | వాళ్లే చూసుకుంటారు | బాగా కుదురుతుంది | వాళ్ల వీలుని బట్టి | దోషాలు మీరు చూడాలి | ముందే అడగాలి |

ఎవరికి ఏది

పాట కొత్తది, ఫోటోలు 40 లోపు, చేతిలో ఫోన్ మాత్రమే ఉంటే రెండో దారి. ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు. పాత పాట, 70 ఫోటోలు, ఎడిటింగ్ కాస్త తెలిసిన పాత విద్యార్థి బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటే మూడో దారిలో అతనికి అప్పగించండి, ఫోటోలు మాత్రం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది, గ్రూపు ఫోటోలో ముఖాలు పెద్ద తెర మీద చుక్కల్లా మిగులుతాయి. పాత పాట, 70 ఫోటోలే ఉన్నా ఎడిటింగ్ తెలిసినవాళ్లు లేకపోతే స్టూడియోకి ఇవ్వండి, వరుస కాగితం మీ చేతిది. సభకి రెండు రోజులే ఉండి, ఏదీ చేతకాకపోతే బీట్ ఆశ వదిలి పవర్‌పాయింట్‌లో వాద్యసంగీతంతో చేయండి. దరువుకి కోయబోయి తప్పిన వీడియో కంటే దరువు లేని వీడియో ఎంతో మెరుగు. మధ్యేమార్గం కావాలంటే ఇంటర్‌లూడ్ ఒక్కదాన్నే బీట్‌కి కోసి, పల్లవి, చరణాల్లో ఫోటోలు నెమ్మదిగా మార్చండి. వాద్యాలున్న చోటే జనం బీట్ గమనిస్తారు, గొంతు మొదలయ్యాక మాటల్లో పడిపోతారు.

హాల్లో ఆడించేది దేని మీద

ఇంట్లో సరిగ్గా ఉన్న బీట్ సభలో తప్పడానికి ముఖ్య కారణం బ్లూటూత్ స్పీకర్. బొమ్మ తెర మీద వెంటనే మారుతుంది, పాట ఆలస్యంగా వినిపిస్తుంది, కట్లన్నీ దెబ్బకి ముందే పడినట్టుంటాయి. ల్యాప్‌టాప్ నుంచి మైకుల మిక్సర్‌కి ఆక్స్ వైరు వేయమని సౌండు పెట్టే అతనికి ముందే చెప్పండి. తప్పక బ్లూటూత్ వాడాల్సి వస్తే వీఎల్‌సీలో ఆడించి `J` నొక్కుతూ పోండి. నొక్కిన ప్రతిసారీ పాట 50 మిల్లీసెకన్లు ముందుకి వస్తుంది. మొదట్లోని ఒక కట్ చూసి సర్దితే చివరిదాకా సరిపోతుంది. ఎక్కువ జరిపితే `K` వెనక్కి తెస్తుంది.

సభ స్కూల్లోనే అయితే నాడు-నేడు కింద హైస్కూళ్లకి వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెల్ మీద పెన్‌డ్రైవ్‌తో నేరుగా ఆడించవచ్చు. దానికి వీడియో ఎంపీ4లో, హెచ్.264లో ఉండాలి. కొత్త ఫోన్లు హెచ్‌ఈవీసీలో దాచే అవకాశం ఉంది, అప్పుడు పాట వినిపించి తెర నల్లగా ఉండిపోవచ్చు. షామియానా కింద పగటిపూట ప్రొజెక్టర్ పెడితే పాత నలుపు తెలుపు ఫోటోలు అసలు కనిపించవు, సభను తరగతి గదికో సాయంత్రానికో మార్చలేకపోతే ఎల్‌ఈడీ తెర అద్దెకి తీసుకోవాలి. ఎల్‌ఈడీ తెర కొలతలు వీడియో కొలతలతో సరిపోవాలని లేదు, అంచులు కోసుకుపోతే కింద రాసిన బ్యాచ్ పేర్లు మొదట పోతాయి. అందుకే రాతల్ని అంచుకి ఆనించకుండా తెర ఎత్తులో పదో వంతు పైకి పెట్టండి, ఆ తెర మీదే ముందురోజు సాయంత్రం ఒకసారి వేసి చూడండి.